‘ముందు’ షాట్ ఒక్కసారే దొరుకుతుంది

కప్‌బోర్డు తలుపులు తెరుచుకుంటాయి. లోపల చీరలు, క్యారీబ్యాగులు, పాత ఫైళ్లు, ఎప్పుడో పేరంటంలో ఇచ్చిన జాకెట్టు ముక్కలు మీద పడేలా ఉంటాయి. రెండు చేతులు తలుపులు మూస్తాయి, మరుక్షణం మళ్ళీ తెరుస్తాయి. ఈసారి చీరలన్నీ వరుసగా మడతపెట్టి ఉంటాయి, ఏది ఎక్కడుందో దూరం నుంచే తెలుస్తుంది. మొత్తం ముప్పై సెకన్లు.

ఇళ్లు సర్దిపెట్టడాన్ని వృత్తిగా చేసుకున్న హోమ్ ఆర్గనైజర్లు ఇప్పుడు తమ పనిని ఎక్కువగా ఇలాంటి చిన్న వీడియోలతోనే జనానికి చూపిస్తున్నారు. యూట్యూబ్ షార్ట్స్‌ను 2020 సెప్టెంబరులో మొట్టమొదట మన దేశంలోనే ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. 2024 అక్టోబరు నుంచి మూడు నిమిషాల నిడివి వరకు అనుమతిస్తున్నా, కప్‌బోర్డు కథకు అర నిమిషం చాలు. ఆ అర నిమిషం వెనుక నాలుగైదు గంటల పని ఉంటుంది. అందులో మళ్ళీ చేయడానికి వీల్లేనిది ఒకటే ఉంది, మొదటి షాట్. ఎడిటింగ్ నచ్చకపోతే ఇంకోసారి చేసుకోవచ్చు. సర్దిన అరను రేపు వచ్చి మళ్ళీ తీయవచ్చు. ఒక్క చీర కదిలించాక మాత్రం పాత చిందరవందర తిరిగి రాదు. కావాలని మళ్ళీ చెల్లాచెదురు చేస్తే అది నాటకమని చూసేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. నిజమైన గందరగోళంలో ఆ ఇంటి అలవాట్లు కనిపిస్తాయి. రోజూ చెయ్యి పెట్టే చోట గుంట పడి ఉంటుంది, ఎవరూ ముట్టుకోని మూల దుమ్ము పట్టి ఉంటుంది.

అందుకే చేయి తిరిగిన ఆర్గనైజరు ఇంట్లోకి రాగానే కప్‌బోర్డు మీద చెయ్యి వెయ్యదు, ముందు ఫోన్ ఎక్కడ నిలబెట్టాలో చూసుకుంటుంది. మన అపార్ట్‌మెంట్లలో తరచూ ఎదురయ్యే ఒక పడకగదినే తీసుకుందాం. గోడకు బిగించిన చెక్క కప్‌బోర్డు ఏడడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు. దానికీ డబుల్‌కాట్ మంచానికీ మధ్య మూడడుగుల సందు మాత్రమే ఉంది. ఫోన్‌ను నిలువుగా పెట్టి మామూలు లెన్సుతో తీస్తే ఏడడుగుల కప్‌బోర్డు పూర్తిగా ఫ్రేములో పట్టడానికి సుమారు ఏడడుగుల దూరం కావాలి. ఆ సందులో నిలబడి తీద్దామంటే వైడ్ లెన్సు వాడాల్సి వస్తుంది, అప్పుడు అంచుల దగ్గర అరలు వంగినట్టు కనపడతాయి. సర్దిన అందమంతా గీతల తిన్నదనంలోనే ఉంటుంది కనుక ఆ వంపు వీడియోను పాడుచేస్తుంది. పోనీ సరిగ్గా ఏడడుగుల దూరంలో పెడదామంటే అక్కడ పరుపు ఉంది. పరుపు మీద ట్రైపాడ్ పెడితే ఎవరైనా కూర్చున్నప్పుడల్లా ఫ్రేము కదులుతుంది.

కాబట్టి మంచం అవతలి పక్కకు పోవాల్సిందే. తొమ్మిది అడుగుల దూరం నుంచి 4K లో తీసి, తరువాత ఎడిటింగులో అంచులు కత్తిరించుకోవచ్చు. ఫోన్ ఎత్తు కప్‌బోర్డు ఎత్తులో సగం, అంటే మూడున్నర అడుగులు ఉండాలి. ఫోన్ పైకీ కిందికీ వాలకుండా నిటారుగా నిలవాలి, లేదంటే నిలువు గీతలు ఒకవైపుకు దగ్గరవుతాయి. ఈ ఏర్పాటులో అడుగున ఒక అడుగు మంచం చాటున పోతుంది. అక్కడ సొరుగు ఉంటే దాన్ని దగ్గరనుంచి విడిగా తీసుకుంటే సరిపోతుంది.

తరువాతి పని టేపుది. ట్రైపాడ్ మూడు కాళ్లు నేలకు ఆనిన చోట మూడు ముక్కలు అంటించాలి. తలుపులు ఎంతవరకు తెరుచుకున్నాయో నేల మీద మరో రెండు ముక్కలు వేయాలి. చాలామంది ఈ రెండోది మరిచిపోతారు. చివర్లో తలుపు నాలుగు అంగుళాలు ఎక్కువ తెరుచుకుంటే చాలు, రెండు షాట్లు కలిసే చోట తలుపు ఎగిరి పక్కకు దూకినట్టు ఉంటుంది. చూసేవాళ్లకు తప్పెక్కడో అర్థం కాకపోవచ్చు గానీ, ఒకే కప్‌బోర్డు కళ్ల ముందే మారిందన్న నమ్మకం అక్కడే తెగిపోతుంది.

వెలుతురు ఇంకా మోసం చేస్తుంది. పొద్దున పదికి మొదలుపెడితే మధ్యాహ్నం రెండుకు కిటికీలోంచి వచ్చే ఎండ దిశా మారుతుంది, రంగూ మారుతుంది. అందుకని తెర వేసేసి, గదిలోని లైట్లు మాత్రమే వెలిగించి రెండు షాట్లూ తీయాలి. ఫోన్ కూడా తనంతట తాను వెలుగు సరిచేసుకుంటూ ఉంటుంది. చీకటిగా ఉన్న గుట్టను చూసి కాంతి పెంచుతుంది, తెల్లటి బుట్టలు కనపడగానే తగ్గిస్తుంది. ఐఫోన్‌లో తెరమీద వేలు కాసేపు నొక్కి ఉంచితే AE/AF LOCK అని వస్తుంది, అప్పుడు ఫోకస్, వెలుగు రెండూ కదలకుండా ఉంటాయి. వీడియోలో నల్లటి చారలు పైకీ కిందికీ జారుతుంటే దానికి కారణం లైటే. మన కరెంటు 50 సైకిళ్లది కాబట్టి పాత ట్యూబులైట్లు, కొన్ని చవక ఎల్ఈడీలు సెకనుకు వందసార్లు మినుకుమంటాయి. ప్రో మోడ్ ఉన్న ఫోన్లలో షట్టరు 1/50 లేదా 1/100 కు పెడితే ఆ చారలు పోతాయి.

ఇప్పుడు అసలు షాట్. తలుపులు తెరవాలి, అయిదారు సెకన్లు కదలకుండా వదిలేయాలి, తరువాత రెండు చేతులతో మూయాలి. చివర్లో అవే చేతులు, అదే చీర కొంగు, అవే గాజులతో తలుపులు తెరుస్తాయి కనుక మధ్యలో ఎక్కడ కత్తిరించినా అతుకు కనపడదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక గాజులు తీసి పక్కన పెడితే ఆ అతుకు బయటపడుతుంది. ఆ తరువాత ఒక్కో అర దగ్గరికి వెళ్లి వివరాలు తీసుకోవాలి: కవర్లోనే నలిగిపోయిన పట్టుచీర, మందుల చీటీల మధ్య ఇరుక్కున్న లంగా, అడుగున ఎప్పుడో వేసి మరిచిన కలరా ఉండలు.

ఇంటివాళ్ల అనుమతి గురించి కూడా షూటింగ్ మొదలవకముందే మాట్లాడుకోవాలి. కప్‌బోర్డు తెరిచిందంటే ఆ ఇల్లాలు తన ఇంట్లో ఎవరికీ చూపించని చోటు చూపించినట్టే. బ్యాంకు పాసుపుస్తకాలు, నగల పెట్టెలు, వైద్య పరీక్షల కాగితాలు, పిల్లల స్కూలు ఐడీ కార్డులు ఫ్రేములోకి రాకుండా ముందే పక్కకు పెట్టించడం మంచిది. తీశాక మసకపరచవచ్చు గానీ ఒక్క ఫ్రేములో వదిలేసినా ఎవరైనా వీడియో ఆపి చదువుకోగలరు. ఏ గది చూపిస్తారో, ముఖం కనిపిస్తుందో లేదో, ఎక్కడ పెడతారో కాగితం మీద రాసుకుని సంతకం తీసుకోవడం ఇద్దరికీ క్షేమం.

ఇక సర్దడం. మొత్తం ఖాళీ చేయకుండా బాగుచేసిన కప్‌బోర్డు నెలకు మించి నిలబడదు. ఆ గుట్టను మంచం మీద పోస్తే కెమెరాకు అడ్డం వస్తుంది కనుక హాల్లో దుప్పటి పరిచి అక్కడ వేసుకోవాలి, ఆ గుట్టను పైనుంచి ఇంకో ఫోనుతో తీసుకోవాలి. ఆ తరువాత వచ్చే రెండు గంటలు కెమెరాకు పనికిరాని గంటలు, కానీ పనికి ప్రాణం అవే.

“అమ్మా, ఈ చీర మళ్ళీ కడతారా?”

“కట్టనమ్మా, కానీ మా అత్తగారు పెట్టింది.”

అలాంటివి ఇచ్చేసే గుట్టలోకి వెళ్లవు, పై అరలో వాటికంటూ ఒక పెట్టె ఉంటుంది. ఈ మాటల్ని వీడియోలో పెట్టకూడదని నా అభిప్రాయం. ఆ నిర్ణయాలు ఆమె సొంతం.

మడతల్లో కూడా కెమెరాకు నచ్చేది ఒకటి, చీరకు మంచిది ఒకటి. విడివిడిగా నిలబెట్టే మడత కాటన్ చీరలకు, జాకెట్లకు బాగుంటుంది. బుట్టలో నిలబెడితే ప్రతి అంచూ పైకి కనపడుతుంది. పట్టు మాత్రం జారిపోతుంది కాబట్టి నిలబడదు. వాటిని పడుకోబెట్టి నాలుగైదుకు మించకుండా పేర్చి, మడత అంచు ముందుకు వచ్చేలా పెడితే కెమెరాకు కూడా తిన్నని గీత వస్తుంది. ప్లాస్టిక్ కవర్లోంచి తీసి పాత పంచె గుడ్డలో చుట్టాలి, కలరా ఉండలు జరీకి తగలనివ్వకూడదు, కొన్ని నెలలకోసారి మడత మార్చాలి. లేకపోతే మడత గీత వెంబడే పట్టు చిట్లుతుంది. రంగుల వారీగా పేర్చిన కప్‌బోర్డు వీడియోలో మెరిసిపోతుంది, కానీ ఎర్రచీరలన్నీ ఒకచోట ఉండటం వల్ల ఆఫీసుకు వెళ్లే ఆమెకు ఒరిగేదేమీ లేదు. రోజు కట్టేవి కంటి ఎత్తులో, పెళ్లిళ్లవి పైన పెట్టి, ఒక్కో అర లోపల మాత్రమే రంగులు చూసుకోవడం న్యాయం. ప్రతి అరలో అయిదో వంతు ఖాళీగా వదలాలి. అది చూపుకు కూడా హాయి, వచ్చే దసరాకు కొనే చీరకు చోటు కూడా.

ఈ పనంతా టైమ్‌ల్యాప్స్‌లో పెట్టి వదిలేయాలని అనిపిస్తుంది. ఐఫోన్‌లో ఎన్ని గంటలు తీసినా అది దాదాపు ఇరవై నుంచి నలభై సెకన్లకు కుదించేస్తుంది కాబట్టి మడతపెట్టే చేతులు మెరుపులా పోతాయి తప్ప ఏమీ అర్థం కాదు. ఖాళీ చేయడం ఒకటి, తిరిగి పెట్టడం ఒకటి, ఇలా ముక్కలుగా తీసుకోవడం మేలు. ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి చార్జరుకు తగిలించాలి. మధ్యలో ఒక కాల్ వస్తే రికార్డింగు ఆగిపోవచ్చు, ఆ సంగతి సాయంత్రం దాకా తెలియకపోవచ్చు.

ముప్పై సెకన్లను కొలిచి వాడాలి. మొదటి రెండు సెకన్లు నేరుగా చిందరవందర, తరువాత మూడు సెకన్లు దగ్గరి షాట్లు. ఖాళీ చేయడానికి, గుట్టకు కలిపి ఎనిమిది, మడతలకు ఏడు, తిరిగి పెట్టడానికి అయిదు. మిగిలిన అయిదు సెకన్లు తలుపు తెరుచుకుని కదలకుండా నిలిచిన చివరి షాట్‌కు వదలాలి. చూసేవాళ్లు ఆపి, అరలు పరిశీలించేది ఇక్కడే కాబట్టి దీన్ని తొందరగా తెంచేస్తే పనంతా వృథా. అక్షరాలు తెర కింది భాగంలో గానీ కుడి అంచున గానీ పెడితే బటన్ల కింద మునిగిపోతాయి, పైభాగం మధ్యలో పెడితే చదవగలరు.

ఈ వీడియో నిజానికి ఒక ప్రకటన. ‘ముందు’ను చీకటిలో, ‘తరువాత’ను వెలుగులో తీయడం, వస్తువుల్ని పక్కగదిలోకి తోసి కప్‌బోర్డు సర్దామనడం వంచనే. చూసి పిలిచిన ఇల్లాలు తన ఇంట్లో అది జరగక నిరాశపడుతుంది. ఇంటి నుంచి బయటికి వెళ్లిన సంచుల్ని కూడా ఒక సెకను చూపిస్తే సందేహం తీరుతుంది. బుట్టలు ఏ కంపెనీ అయినా ఉచితంగా ఇస్తే ఆ మాట వీడియోలోనే చెప్పాలి. ప్రకటనల ప్రమాణాల మండలి ఆస్కీ 2021లో ఇన్‌ఫ్లుయెన్సర్లకు పెట్టిన నియమాల ప్రకారం ఉచిత వస్తువులు తీసుకున్నా వెల్లడించాల్సిందే.

టేపు ముక్కలు పీకే ముందు ఆ కొలతలు నోటుపుస్తకంలో రాసుకోవాలి: దూరం, ఎత్తు, తలుపు ఎంత తెరిచింది. నెల తరువాత అదే చోటి నుంచి మూడో షాట్ తీయవచ్చు. ఇది చాలామంది తీయరు గానీ, ఆర్గనైజరుకు అన్నిటికన్నా ఎక్కువ చెప్పేది ఇదే. ముందుగా చెదిరిన అర ఏదో అందులో కనపడుతుంది. సాధారణంగా అది అందనంత ఎత్తులో ఉన్నదో, రెండు రకాల వస్తువులు ఒకే బుట్టలో ఉన్నదో అయి ఉంటుంది. అక్కడ బుట్ట మార్చాలి, లేదా ఆ వస్తువులను ఒక అర కిందికి దించాలి.