ఉమ్రా దారిలో దుబాయ్‌లో ఆగితే ఏం మారుతుంది?

తాడిపత్రి నుంచి ఉమ్రాకు వెళ్లేవాళ్లలో కొందరు బెంగళూరులో విమానం ఎక్కి, దుబాయ్‌లో మారి జిద్దా చేరుకుంటారు. అంతర్జాతీయ టికెట్‌లో ఆ విరామం 24 గంటల లోపైతే లేఓవర్, దాటితే స్టాపోవర్.

ఒకే టికెట్‌పై ఐదు గంటల లేఓవర్ అయితే పెట్టెలు మామూలుగా నేరుగా జిద్దాకే పోతాయి. ఎయిర్‌పోర్టు దాటకపోతే దుబాయ్ వీసా అక్కర్లేదు. కానీ మీఖాత్ గాల్లోనే వచ్చేస్తుంది, మగవాళ్ల ఇహ్రాం బట్టలు చేతిసంచిలోనే ఉండాలి.

బంధువుల కోసం మూడు రోజులు ఆగితే పెట్టెలు దుబాయ్‌లోనే దించుకోవాలి. 96 గంటల ట్రాన్సిట్ వీసా ముందే తీసుకోవాలి. ఛార్జీ కూడా పెరగొచ్చు.

చవకని రెండు వేర్వేరు టికెట్లు కొంటేనే చిక్కు. విరామం ఐదు గంటలే అయినా పెట్టెల కోసం బయటికి రావాలి, అంటే వీసా కావాల్సిందే. బెంగళూరు కౌంటర్‌లో ట్యాగ్ చూడండి: JED ఉంటే జిద్దాకు, DXB ఉంటే దుబాయ్ వరకే.