ఒకే ఆర్డరు, ఇద్దరి చేతులు

హోల్‌సేల్ చీరల కొట్లో 4512 నంబరు ఆర్డరును కౌంటర్‌లో ఒకరు, గోడౌన్‌లో ఒకరు ఒకేసారి తెరిచారనుకుందాం. కౌంటర్ అమ్మాయి డెలివరీ చిరునామా మార్చి సేవ్ చేసింది. నిమిషం తర్వాత గోడౌన్ అబ్బాయి 10 చీరలను 8 చేసి సేవ్ కొట్టాడు. అతని తెరమీద ఉన్నది పాత చిరునామా. ఫారమ్ మొత్తం వెళ్లి డేటాబేస్‌లో కూర్చుంది. కొత్త చిరునామా పోయింది, ఎక్కడా ఎర్రర్ రాలేదు. తెలిసేది పార్సిల్ వేరే ఊరు చేరాకే.

ఆర్డరుకు తాళం వేస్తే ఒకరు టీకి వెళ్లినంతసేపూ మరొకరు ఆగాలి. ఆప్టిమిస్టిక్ లాకింగ్ ఎవరినీ ఆపదు. ప్రతి ఆర్డరుకూ ఒక వెర్షన్ నంబరు పెట్టి, సేవ్ చేసేటప్పుడే సరిచూస్తుంది:

```sql
UPDATE orders
SET address = 'పాత చిరునామా', qty = 8, version = 8
WHERE id = 4512 AND version = 7;
```

ఇద్దరూ తెరిచింది 7వ వెర్షనే. కౌంటర్ మార్పుతో అది 8 అయిపోయింది కాబట్టి, గోడౌన్ నుంచి వచ్చిన ఈ ఆదేశానికి ఏ వరుసా దొరకదు. మారిన వరుసలు సున్నా అని డేటాబేస్ చెబుతుంది. దాన్ని ప్రోగ్రాం పట్టించుకోవాలి, లేకపోతే ఈసారి గోడౌన్ మార్పు చప్పుడు లేకుండా పోతుంది.

చాలామంది బోల్తాపడేది ఇంకోచోట. సేవ్ చేసే క్షణంలో వెర్షన్‌ను మళ్లీ చదివి వాడితే ఎప్పుడూ సరిపోతుంది, కాపలా ఉన్నా లేనట్టే. పేజీ తెరిచినప్పటి నంబరే ఫారమ్‌తో తిరిగి రావాలి. ఘర్షణ తేలాక ఉత్త ‘మళ్లీ ప్రయత్నించండి’ అనడం నాకు నచ్చదు. గోడౌన్ అబ్బాయికి కొత్త చిరునామా చూపించి, అతను టైపు చేసిన 8ని చెరపకుండా ఉంచితే, చూసుకుని మళ్లీ సేవ్ చేస్తాడు.