ఏ రంగు ఏ పోగును పట్టుకుంటుంది?

పత్తికి బాగా పట్టే రంగు పాలిస్టర్‌కు పట్టదు. పాలిస్టర్‌లోకి ఇంకే రంగు పత్తిని పైపైన మరక చేసి వదిలేస్తుంది. రంగుపొడి ఎంత ఖరీదైనదైనా ఈ తేడా మారదు, ఎందుకంటే తేడా ఉన్నది పోగులోనే. పత్తి పోగు సెల్యులోజ్. దానికి నీరంటే ఇష్టం. గాలిలోని తేమనుంచే తన బరువులో సుమారు 8 శాతం నీటిని పీల్చుకుంటుంది, తొట్టిలో వేస్తే ఉబ్బుతుంది. పాలిస్టర్ అలా పీల్చేది అర శాతం కూడా ఉండదు. దాని అణువులు ఒకదానికొకటి బిగుతుగా అమరి ఉంటాయి, నీళ్లలో కరిగిన రంగు లోపలికి వెళ్లే సందే ఉండదు. ఈ రెండు రకాల పోగులకు రంగులు వేయడానికి ప్రధానంగా వాడేవి రియాక్టివ్, వ్యాట్, డిస్పర్స్ రంగులు. మూడూ పోగును పట్టుకునే తీరు మూడు రకాలుగా ఉంటుంది.

రియాక్టివ్ రంగు పత్తితో రసాయన బంధం పెట్టుకుంటుంది. అంతకు ముందు పత్తికి వాడిన డైరెక్ట్ రంగులు పోగుకు బలహీనమైన ఆకర్షణతో అంటుకుని ఉండేవి, ఉతికిన ప్రతిసారీ కొంత దిగేవి. బ్రిటన్‌లో ఐసీఐ కంపెనీ రసాయనవేత్తలు రాటీ, స్టీఫెన్ 1954లో ఒక సంగతి కనిపెట్టారు. క్లోరిన్ ఉన్న ఒక రకం రంగు అణువును క్షారంలో ఉంచితే అది ఆ క్లోరిన్‌ను వదిలేసి సెల్యులోజ్ అణువుకే అతుక్కుంటుంది. 1956లో ఈ రంగులు ప్రోసియాన్ పేరుతో బజారులోకి వచ్చాయి. ఆ తర్వాత వచ్చిన వినైల్ సల్ఫోన్ రకంలో బంధం వేరే విధంగా ఏర్పడుతుంది, కానీ దానికీ క్షారం కావాల్సిందే.

ఒక కిలో నూలు చిలపలకు ఈ వినైల్ సల్ఫోన్ రంగు 2 శాతం వేయాలనుకుందాం. రంగుపొడి 20 గ్రాములు, నూలు బరువుకు 20 రెట్ల లెక్కన నీళ్లు 20 లీటర్లు. రంగు కరిగిన నీటిలో చిలపలను తిప్పుతూ, లీటరుకు 50 గ్రాముల చొప్పున ఒక కిలో ఉప్పును విడతలుగా వేస్తారు. నీటిలో పత్తికీ రంగుకూ రెండింటికీ రుణ విద్యుదావేశం ఉంటుంది కాబట్టి అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఉప్పు ఆ నెట్టుడును తగ్గించి రంగును పోగులోకి చేరుస్తుంది. నీటిని మెల్లగా 60 డిగ్రీలకు తెచ్చాక లీటరుకు 15 గ్రాముల చొప్పున 300 గ్రాముల సోడా యాష్ పడుతుంది. అసలు బంధం ఏర్పడేది ఇప్పుడే, అందుకు ముప్పావు గంటనుంచి గంట వరకు పడుతుంది. సోడాను ముందే వేసేస్తే రంగు ఎక్కడ తగిలితే అక్కడ బిగిసిపోయి చిలప మచ్చలు తేలుతుంది.

ఈ పద్ధతికి ఒక లోపం పుట్టుకతోనే ఉంది. క్షారంలో రంగు అణువు పత్తితో కలిసినట్టే నీటితోనూ కలుస్తుంది. అలా నీటితో కలిసిన రంగుకు ఇక పత్తిని పట్టుకునే శక్తి ఉండదు, కానీ పోగులో ఇరుక్కుని ఉంటుంది. దాన్ని చల్లనీళ్లతో జాడించి, మరిగే సబ్బునీటిలో ఉడికించి బయటికి లాగాలి. కొత్త చీర మొదటి రెండు ఉతుకుల్లో రంగు వదులుతుంటే చాలాసార్లు తప్పు రంగుది కాదు, సబ్బునీటి దగ్గర పొదుపు చేసిన వాళ్లది. తడిపిన తెల్లగుడ్డతో గట్టిగా రుద్దితే ఆ సంగతి బయటపడుతుంది. ఇంకొకటి, వేసిన ఉప్పు పోగులో మిగలదు. కిలో నూలుకు వాడిన కిలో ఉప్పూ కాలవలోకే పోతుంది. తిరుప్పూరు అద్దకం యూనిట్లను 2011లో మద్రాసు హైకోర్టు మూసివేయించడానికి నొయ్యల్ నదిలో చేరిన ఇలాంటి వ్యర్థజలాలే కారణం.

ఇన్ని ఉన్నా మెరిసే ఎరుపు, పచ్చ, గులాబీ రంగులు పత్తికి కావాలంటే రియాక్టివ్‌దే పైచేయి. విస్కోస్‌కూ ఇవే సరిపోతాయి. పట్టుకూ వాడవచ్చు, అయితే పట్టుకు ఆమ్లంలో పట్టే యాసిడ్ రంగులే ఎక్కువ వాడుకలో ఉన్నాయి. రియాక్టివ్ రంగుల్లో చాలావాటికి బ్లీచింగ్ పౌడరు పడదు.

బ్లీచింగ్‌కూ ఎండకూ తట్టుకోవాల్సిన చోట వ్యాట్ రంగులు వస్తాయి. నీలిమందు ఈ కుటుంబంలోదే. 1901లో జర్మనీలోని బీఏఎస్ఎఫ్‌లో రెనె బోన్ తయారుచేసిన ఇండాంత్రోన్ నీలంతో ఈ వర్గానికి కొత్త శాఖ మొలిచింది. వ్యాట్ రంగు నీళ్లలో కరగదు. అద్దకందారు కాస్టిక్ సోడాతో, హైడ్రోస్ అని పిలిచే సోడియం హైడ్రోసల్ఫైట్‌తో దాన్ని క్షయకరణం చేస్తే కరిగే రూపానికి వస్తుంది. అప్పుడు రంగే మారిపోతుంది: నీలిమందు తొట్టి నీలంగా కాక పసుపుపచ్చగా కనిపిస్తుంది. అందులో ముంచి తీసిన చిలప గాలి తగిలేకొద్దీ ఆకుపచ్చగా, ఆపైన నీలంగా తిరుగుతుంది. పోగు లోపలే రంగు మళ్లీ కరగని రూపానికి వచ్చి చిక్కుకుపోతుంది, సబ్బుకు కదలదు. తొట్టిలో హైడ్రోస్ తగ్గితే రంగు బయటే ఆక్సిజన్ పట్టి పోగుపైన పొడిలా కూర్చుంటుంది, చేత్తో రుద్దితే అంటుతుంది.

నీలిమందుకు పత్తిమీద ఆకర్షణ తక్కువ, అందుకే పలుమార్లు ముంచుతారు. అది పోగు పైపొరల్లోనే ఆగిపోతుంది కాబట్టి జీన్స్ మోకాళ్ల దగ్గర తెల్లబడుతుంది. ఇండాంత్రోన్ వంటివి మాత్రం లోపలి దాకా పోతాయి. వ్యాట్ రంగుల ధర ఎక్కువ, ప్రకాశించే ఎరుపులు తక్కువ. పైగా కాస్టిక్ సోడా పట్టును, ఉన్నిని కొరికేస్తుంది. కనుక వీటి అసలు చోటు పత్తి బట్టలే.

డిస్పర్స్ రంగుల దారి పూర్తిగా వేరు. 1920లలో అసిటేట్ పట్టు కోసం వీటిని తయారుచేశారు, పాలిస్టర్ వచ్చాక అదే వీటి ముఖ్యమైన చోటు అయింది. నైలాన్‌కూ పడతాయి. నీళ్లలో దాదాపు కరగని ఈ రంగును మెత్తటి పొడిగా నూరి, విడివిడిగా తేలేలా చేసే పదార్థంతో కలుపుతారు. ఎసిటిక్ ఆమ్లం కాస్త కలిపిన ఆ నీటిలో పాలిస్టర్‌ను వేసి, మూత బిగించిన యంత్రంలో 130 డిగ్రీలకు తీసుకెళతారు. ప్రెజర్ కుక్కర్‌లో మాదిరిగా ఒత్తిడి ఉంటేనే నీళ్లు ఆ వేడికి చేరతాయి. ఆ వేడిలో పాలిస్టర్ అణువుల బిగువు సడలి రంగు లోపలికి ఇంకుతుంది. చల్లారగానే మళ్లీ మూసుకుపోతుంది. అంటే పోగులో రంగు ఒక రకంగా కరిగి ఉంటుంది, బంధమేమీ ఉండదు. అందుకే మరీ వేడి ఇస్త్రీ తగిలితే కొన్ని రంగులు ఆవిరై పక్కనున్న తెల్ల బట్టకు పాకుతాయి. కాగితం మీది బొమ్మను వేడి ప్రెస్సుతో బట్టకు ఎక్కించే పద్ధతి ఈ గుణాన్నే వాడుకుంటుంది.

పాలిస్టర్, పత్తి కలిసిన టెర్రీకాటన్ దగ్గరే ఈ మూడింటి గుణాలూ ఒకేచోట పరీక్షకు వస్తాయి. ముందు డిస్పర్స్ రంగును 130 డిగ్రీల దగ్గర వేస్తారు. పత్తిమీద పడ్డ మరకను కాస్టిక్, హైడ్రోస్‌తో కడిగేసి, ఆ తర్వాతే 60 డిగ్రీల దగ్గర రియాక్టివ్ రంగు ఎక్కిస్తారు. వరస తిరగేస్తే రెండు దెబ్బలు తగులుతాయి. 130 డిగ్రీల ఆమ్లపు నీటిలో పత్తితో ఏర్పడ్డ రియాక్టివ్ బంధాలు కొన్ని తెగిపోతాయి, ఆపైన కడగడానికి వేసిన హైడ్రోస్ రియాక్టివ్ రంగులో చాలా భాగాన్ని చంపేస్తుంది. పత్తి వైపు వ్యాట్ రంగు ఎంచుకుంటే మాత్రం ఆ కడుగుడు విడిగా అక్కర్లేదు: వ్యాట్ తొట్టిలో ఉండే కాస్టిక్, హైడ్రోస్‌లే డిస్పర్స్ మరకను కూడా తీసేస్తాయి. తరచూ ఉతికే యూనిఫాం టెర్రీకాటన్‌కు ఖర్చు ఎక్కువైనా డిస్పర్స్, వ్యాట్ జోడీని ఎంచుకోవడానికి ఇదీ ఒక కారణం.