డబ్బిచ్చి వేయించిన వార్త: ఆ సంగతి పైనే ఎందుకు రాయాలి?

యాదగిరిగుట్ట దగ్గర ఒక కొత్త వెంచర్ పడిందనుకుందాం. జిల్లా పేజీలో దాని గురించి రెండు రకాలుగా అచ్చవుతుంది. ఒకటి నలుపు గీతల పెట్టెలో రంగుల ప్రకటన. అందులో గజం ధర, ఫోన్ నంబరు ఉంటాయి. అడుగున రెరా (స్థిరాస్తి నియంత్రణ ప్రాధికార సంస్థ) ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. రెండోది మూడు కాలమ్‌ల వార్త. ఊరి పేరుతో మొదలవుతుంది. ఫలానా నాయకుడు రిబ్బన్ కత్తిరించారు, సామాన్యుడి సొంతింటి కల తీరబోతోంది, గుట్టకు పది నిమిషాల ప్రయాణం అని సాగుతుంది. ధర ఉండదు, నంబరు ఉండదు, దీనికి డబ్బు ముట్టిందా లేదా అన్నది అసలే ఉండదు.

పాఠకుడికి ఈ రెండింటిలో ఎక్కువ నమ్మకం కలిగించేది రెండోదే. ప్రకటన చూడగానే మనం అమ్మేవాడి మాట అని కొంత తగ్గించుకుని చదువుతాం. వార్త దగ్గర ఆ జాగ్రత్త ఉండదు. ఎవరో విలేకరి వెళ్లి చూసి, అడిగి రాశాడనుకుంటాం. డబ్బిచ్చేవాడు కొనేది ఆ నమ్మకాన్నే. అందుకే అడ్వర్టోరియల్‌కు (డబ్బు తీసుకుని వార్తలా రాసి వేసే ప్రకటనకు) మామూలు ప్రకటన కంటే గిరాకీ ఎక్కువ.

'ఇది ప్రకటన' అని పైన రాయడం మర్యాదకు సంబంధించిన విషయంగా చాలామంది చూస్తారు. నిజానికి అది చట్టానికి సంబంధించిన విషయం కూడా. 2016 నాటి రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లకు మించిన లేఅవుట్‌ను రిజిస్టర్ చేయకుండా ప్రచారం చేయకూడదు. ప్రకటనలో రిజిస్ట్రేషన్ నంబరు, రెరా వెబ్‌సైట్ చిరునామా ఉండాలి. ప్రకటనలోని అబద్ధాన్ని నమ్మి అడ్వాన్సు కట్టి నష్టపోతే పరిహారం అడిగే హక్కు కొనుగోలుదారుకు ఉంది. చట్టంలో 'ప్రకటన' అన్న మాటకు అర్థం విశాలమైనదే, ఏ రూపంలోని ప్రచారమైనా అందులోకి వస్తుంది. కానీ నష్టపోయినవాడు ఆ ప్రచారం బిల్డరు చేయించిందే అని ముందు చూపించాలి. పైన 'ప్రకటన' అని ఉంటే ఆ సంగతి పేజీ మీదే తేలిపోతుంది. లేకపోతే బిల్డరు 'పత్రికవాళ్లు రాసుకున్నారు, మాకేం తెలుసు' అనవచ్చు. ఒక్క మాట తీసేస్తే బాధ్యత ఎవరిదో చెప్పలేని పరిస్థితి వస్తుంది.

ఇది జిల్లా పేజీల్లోనే ఎక్కువగా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే ఆ పేజీ ఎలా తయారవుతుందో చూడాలి. 1989లో ఈనాడు జిల్లాకో టాబ్లాయిడ్ మొదలుపెట్టాక మిగతా పత్రికలూ అదే దారి పట్టాయి. మండలానికో విలేకరి అవసరమయ్యాడు. వీరిలో అత్యధికులు జీతం మీద పనిచేసే ఉద్యోగులు కారు. వార్తకు ఇన్ని లైన్లని లెక్కగట్టి ఇచ్చే కొద్ది మొత్తమే రాబడి. దానికి తోడు యాడ్ తెస్తే కమీషన్ ఉంటుంది. పండగకు, నాయకుడి పుట్టినరోజుకు, పత్రిక వార్షికోత్సవానికి యాడ్ టార్గెట్లు ఉంటాయి. నకిరేకల్‌లోనో, కల్వకుర్తిలోనో పొద్దున ఒక ఆసుపత్రి మీద వచ్చిన ఫిర్యాదు వినాల్సిన మనిషే సాయంత్రం అదే ఆసుపత్రికి శుభాకాంక్షల యాడ్ కోసం వెళ్లాలి. ఆ విలేకరిని తప్పుపట్టి లాభం లేదని నేను గట్టిగా నమ్ముతాను. వార్తనూ యాడ్‌నూ ఒకే చేతిలో పెట్టిన ఏర్పాటు అది. యాడ్ ఇచ్చినవారికి 'దానితోపాటు ఒక వార్త కూడా' అనే మాట అక్కడ పుడుతుంది. దానికి బిల్లు ఉండదు.

ఎన్నికల్లో ఈ అలవాటు పెద్ద వ్యాపారమైంది. 2009 ఎన్నికల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అభ్యర్థులకు 'ప్యాకేజీలు' అమ్మారన్న ఆరోపణలు జర్నలిస్టుల నుంచే వచ్చాయి. వర్కింగ్ జర్నలిస్టుల సంఘం (ఏపీయూడబ్ల్యూజే) పశ్చిమ గోదావరి జిల్లాలో పత్రికలను పరిశీలించి నమూనా సర్వే చేసింది. తరువాత ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఇద్దరు సభ్యులతో ఉపసంఘం వేసింది. ఒకరు పరంజయ్ గుహా ఠాకుర్తా, మరొకరు మన కె.శ్రీనివాస్‌రెడ్డి. వారు పత్రికల పేర్లతో సహా నివేదిక రాశారు. 2010 జూలైలో కౌన్సిల్ పేర్లు లేని కుదించిన నివేదికనే ఆమోదించింది. పూర్తి నివేదిక 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాకే బయటికొచ్చింది. పత్రికల మీద పత్రికల సంస్థే విచారణ చేసుకుంటే ఏమవుతుందో ఇక్కడ కనిపిస్తుంది.

ఆ కసరత్తులో ఒక నిర్వచనం మాత్రం నిలబడింది. డబ్బుకుగానీ, మరో ప్రతిఫలానికిగానీ ఏ మాధ్యమంలోనైనా వచ్చే వార్త లేదా విశ్లేషణ 'పెయిడ్ న్యూస్' (చెల్లింపు వార్త). ఎన్నికల సంఘం ఈ నిర్వచనాన్నే తీసుకుని జిల్లా స్థాయిలో ఎంసీఎంసీలు (ప్రసార మాధ్యమాల ధ్రువీకరణ, పర్యవేక్షణ కమిటీలు) పెట్టింది. జిల్లా ఎన్నికల అధికారిగా కలెక్టరు జిల్లా కమిటీని నడిపిస్తారు.

పని జరిగే తీరు ఇది. కమిటీ సిబ్బంది రోజూ జిల్లా పేజీలు చదువుతారు, టీవీ రికార్డు చేస్తారు. అనుమానం వచ్చిన వార్తపై రిటర్నింగ్ అధికారి 96 గంటల్లోగా అభ్యర్థికి నోటీసు ఇస్తారు. 48 గంటల్లో జవాబు రావాలి. రాకపోతే కమిటీ నిర్ణయమే ఖాయం. జవాబిచ్చాక వచ్చిన నిర్ణయం నచ్చకపోతే అభ్యర్థి రాష్ట్ర కమిటీకి, ఆపైన ఎన్నికల సంఘానికి అప్పీలు చేసుకోవచ్చు. పెయిడ్ న్యూస్ అని తేలితే ఆ వార్త ఆక్రమించిన చోటును కొలుస్తారు. దాన్ని ప్రకటన రేటుతో లెక్కగట్టి అభ్యర్థి ఖర్చులో కలుపుతారు.

ఒక ఊహాలెక్క చూద్దాం. మునుగోడు ఉప ఎన్నిక 2022 నవంబరు 3న జరిగింది. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షల రూపాయలు. అలాంటి ఎన్నికలో ఒక అభ్యర్థిపై 20 సెంటీమీటర్ల పొడవు, 12 సెంటీమీటర్ల వెడల్పు వార్త వచ్చిందనుకోండి. మొత్తం 240 చదరపు సెంటీమీటర్లు. రేటు చదరపు సెంటీమీటరుకు 100 రూపాయలనుకుంటే 24 వేలు. 40 లక్షల ముందు ఇది చిన్నదే. కానీ ప్యాకేజీ అంటే ఒక వార్త కాదు. రెండు వారాలు, మూడు పత్రికలు, రోజుకొకటి అనుకుంటే 42 వార్తలు, 10 లక్షల పైచిలుకు. పరిమితిలో నాలుగో వంతు. 'ప్రకటన' అని వేసి ఉంటే ఆ 10 లక్షలు మొదటిరోజు నుంచే ఖాతాలో కనిపించేవి. వార్త వేషం వేయిస్తే ఖర్చు మాయమవుతుంది. ఎన్నికల్లో వేషం విలువ అందులో ఉంది.

కమిటీ ఎలా పసిగడుతుంది? ఎన్నికల సంఘం కొన్ని గుర్తులు చెప్పింది. ఒకే ఫొటో, ఒకే శీర్షికతో ఒకే వార్త పోటీ పత్రికల్లో వేర్వేరు విలేకరుల పేర్లతో రావడం. ఒకే పేజీలో ఇద్దరు ప్రత్యర్థుల గెలుపూ ఖాయమని రెండు వార్తలు రావడం. ఒక అభ్యర్థికి అన్ని వర్గాలూ మద్దతిస్తున్నాయని రాసి, ఎదుటివారి మాట ఒక్క వాక్యమైనా లేకపోవడం. వీటిలో రెండో గుర్తు నాకు బలమైనదిగా తోస్తుంది. ఒక విలేకరి అభిమానంతో ఒకరి పక్షాన రాయవచ్చు. ఇద్దరూ గెలుస్తారని మాత్రం ఏ విలేకరీ అభిమానంతో రాయడు.

మరి 'ప్రకటన' అన్న మాట రాస్తే చాలునా? ఉత్తరప్రదేశ్‌లోని బిసౌలి కేసు చూడాలి. 2007 అసెంబ్లీ ఎన్నికల్లో అక్కడ ఉమ్లేశ్ యాదవ్ గెలిచారు. పోలింగ్ ముందు దైనిక్ జాగరణ్, అమర్ ఉజాలా పత్రికల్లో ఆమెకు అనుకూలంగా కథనాలు వచ్చాయి. ఓడిన అభ్యర్థి ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేశారు. అవి ప్రకటనలేనని పత్రికలు జవాబిచ్చాయి. కథనం చివర చిన్న అక్షరాల్లో 'ఏడీవీటీ' అని ఉంది కూడా. కౌన్సిల్ దాన్ని ఒప్పుకోలేదు. రూపమంతా వార్తదే అయినప్పుడు అడుగున కనీకనిపించని ముక్క మామూలు ఓటరుకు ఏమీ చెప్పదని తేల్చింది. ఆ డబ్బును ఆమె ఖర్చు లెక్కలో చూపలేదని 2011 అక్టోబరులో ఎన్నికల సంఘం ఆమెను మూడేళ్లపాటు అనర్హురాలిగా ప్రకటించింది.

చివర ఉన్న ముక్క ఎందుకు పనిచేయదో మన చదువు అలవాటు చెబుతుంది. పాఠకుడు ముందు శీర్షిక, తర్వాత ఫొటో, ఆపైన మొదటి రెండు వాక్యాలు చూస్తాడు. చాలామంది అక్కడే ఆగుతారు. కాబట్టి ఆ మాట శీర్షికకు పైన ఉండాలి, శీర్షికతో పాటే కంటికి ఆనాలి. 'ఇంపాక్ట్ ఫీచర్', 'ప్రత్యేక కథనం' లాంటి పేర్లు కాకుండా 'ప్రకటన' అనే ఉండాలి. అక్షరాల అచ్చు, కాలమ్ వెడల్పు, రంగు పత్రిక వార్తలవి కాకూడదు. పైన విలేకరి పేరు, డేట్‌లైన్ (వార్త మొదట్లో వేసే ఊరు, తేదీ) ఉండకూడదు. డబ్బిచ్చింది ఎవరో పేరు ఉండాలి. ఈ చివరిదాన్ని మన పత్రికలు తరచూ వదిలేస్తాయి. ఎవరు చెల్లించారో తెలియకపోతే ప్రకటన అని తెలిసినా సగమే తెలిసినట్టు.

పెయిడ్ న్యూస్‌పై ఉన్న ఈ నిఘా ఏర్పాటుకు పరిమితులున్నాయి. అది మన దేశంలో విడిగా నేరం కాదు. నేరం చేయాలని ఎన్నికల సంఘం కోరినా చట్టం రాలేదు. ఖర్చు దాచినందుకే శిక్ష, వార్త అమ్మినందుకు కాదు. చేతులు మారింది నగదైతే రుజువు దొరకదు. అప్పటి మధ్యప్రదేశ్ మంత్రి నరోత్తం మిశ్రాను 2008 ఎన్నికల కథనాల మీద ఎన్నికల సంఘం 2017లో అనర్హుడిగా ప్రకటించింది. మరుసటి ఏడాదే ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. ఇక ప్రెస్ కౌన్సిల్ పత్రికను హెచ్చరించగలదు, అభిశంసించగలదు, జరిమానా వేయలేదు. టీవీ చానళ్లు దాని పరిధిలోకే రావు.

అయినా పాఠకుడి చేతిలో దారి లేకపోలేదు. అనుమానం వచ్చిన పేజీని తేదీ, ఎడిషన్ పేరు కనిపించేలా దాచుకోవాలి. జిల్లా ఎడిషన్ పాత సంచిక తర్వాత దొరకడం కష్టం. అదేరోజు వేరే పత్రికల జిల్లా పేజీలు కూడా పక్కన పెట్టుకుంటే పోలిక దొరుకుతుంది. ఎన్నికల కాలమైతే కలెక్టరేట్‌లోని ఎంసీఎంసీకి వెంటనే ఇవ్వాలి, ఎందుకంటే నోటీసుకు గడువు 96 గంటలే. ప్లాట్ల విషయమైతే వార్తలోని వెంచర్ పేరును రెరా వెబ్‌సైట్‌లో వెతికి చూడాలి. అక్కడ లేకపోతే పేజీతో పాటు రెరాకు ఫిర్యాదు చేయవచ్చు. మిగతా వాటికి ముందు పత్రిక సంపాదకుడికి ఉత్తరం రాయాలి. జవాబు తృప్తిగా లేకపోతే ఆ ఉత్తరం నకలు, పేజీ జతచేసి ప్రెస్ కౌన్సిల్‌కు పంపాలి. దినపత్రికైతే అచ్చయిన రెండు నెలల్లోపు ఫిర్యాదు అందాలి.