పాల పుస్తకం ఫొటోలో లెక్క సరిచూడటం ఎలా?

ఊళ్లో పాల సంఘానికి పాలు పోసే అమ్మానాన్నలు పాస్‌బుక్ పేజీని ఫొటో తీసి, పట్నంలో ఉన్న పిల్లలకు వాట్సాప్‌లో పంపి ‘బిల్లు సరిగ్గా ఉందేమో చూడు’ అనడం మామూలే. తీరా చూస్తే ఒక అంకె 3 లానూ 8 లానూ కనిపిస్తుంది. కంగారు అక్కర్లేదు, దాన్ని తేల్చే దారి అదే వరుసలో ఉంటుంది.

ప్రతి వరుసలో తేదీ, ఉదయమో సాయంత్రమో, పాల పరిమాణం, వెన్న శాతం, ధర, మొత్తం ఉంటాయి. పరిమాణాన్ని ధరతో గుణిస్తే మొత్తం రావాలి. లీటరు ధర 56.03, మొత్తం 212.91 అని స్పష్టంగా ఉండి, పరిమాణం 3.3 లీటర్లో 3.8 లీటర్లో తెలియలేదనుకోండి. 3.3తో గుణిస్తే 184.90 వస్తుంది, 3.8తో గుణిస్తే 212.91 వస్తుంది. కాబట్టి పోసినవి 3.8 లీటర్లే.

తర్వాత ఆ ధర ఎలా వచ్చిందో చూడాలి. చాలాచోట్ల గేదె పాలకు కిలో వెన్న లెక్కన ధర కడతారు. కిలో వెన్నకు 800 రూపాయలు, వెన్న 6.8 శాతం అనుకుందాం. కిలో పాలలో 68 గ్రాముల వెన్న ఉంటుంది కనుక కిలో పాల ధర 54.40 రూపాయలు. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి కాబట్టి లీటరుకు 56.03 రూపాయలు పడుతుంది. ఎక్కువగా పొరపాటు జరిగేది ఇక్కడే. 4.2 లీటర్లకు 235.33 రావాల్సి ఉండగా, లీటర్లను కిలో ధరతో గుణిస్తే 228.48 మాత్రమే వస్తుంది. పూటకు దాదాపు 7 రూపాయలు తగ్గితే, పది రోజుల బిల్లులో ఇరవై పూటలకు 137 రూపాయలు పోయినట్టే. అందుకే పుస్తకంలో ఉన్నది లీటరా, కిలోనా అని ముందే అడగండి. ఆవు పాలకైతే వెన్నతోపాటు ఎస్‌ఎన్‌ఎఫ్ కూడా లెక్కలోకి వస్తుంది కనుక, కేంద్రంలోని ధరల పట్టికను కూడా ఫొటో తీయించుకోండి.

బిల్లు మొత్తానికి రోజువారీ రూపాయలనే కూడాలి. లీటర్లన్నీ కూడి సగటు ధరతో గుణిస్తే సరిపోదు, ఎక్కువ పాలు పోసిన పూట ధర వేరుగా ఉండొచ్చు. వచ్చిన మొత్తంలోంచి దాణా, అప్పు కోతలు తీసేస్తే బ్యాంకులో పడిన సొమ్ముతో సరిపోవాలి.

పూటపూటకూ వెన్న మారిందని అనుమానించకండి. పితికే వ్యవధి ఎక్కువైతే పాలు పెరిగి వెన్న శాతం తగ్గడం సహజం. అయితే వెన్నను సరిగ్గా కొలిచారో లేదో ఫొటో చెప్పదు. మీగడ పైకి తేలుతుంది కాబట్టి పాలు బాగా కలిపాకే నమూనా తీయాలి. ఆ సంగతి పాలు పోసేటప్పుడే దగ్గరుండి చూసుకోవాలి, డబ్బాలో అందరి పాలూ కలిశాక మళ్లీ కొలిచే వీలుండదు.