పది దగ్గర బయటపడే గుట్టు

భీమవరం చుట్టుపక్కల రొయ్యల రైతులు చెరువు నీటి పీహెచ్ పొద్దున ఒకసారి, మధ్యాహ్నం మరోసారి చూసుకుంటారు. ఎండెక్కేకొద్దీ నీటిలోని ప్లాంక్టన్ కార్బన్ డయాక్సైడ్‌ను లాగేస్తుంది, పీహెచ్ తొమ్మిది వైపు నడుస్తుంది. అది పెరిగితే అమ్మోనియా విషమూ పెరుగుతుంది. కాబట్టి మీటర్ 0.2 తప్పు చెప్పినా నష్టమే.

నిజానికి మీటర్‌కు పీహెచ్ తెలియదు. ఎలక్ట్రోడ్ చివరి గాజు బల్బు పుట్టించే మిల్లీవోల్టులను పీహెచ్‌లోకి మారుస్తుంది, అంతే. కొత్త ఎలక్ట్రోడ్ 7 బఫర్‌లో దాదాపు సున్నా చూపి, 25 డిగ్రీల వద్ద ఒక్కో పీహెచ్ యూనిట్‌కు 59.16 మిల్లీవోల్టులు మారుతుంది. ఈ మార్పే స్లోప్. వాడేకొద్దీ అది తగ్గుతుంది. ఎంత తగ్గిందో మీటర్‌కు నేర్పడమే క్యాలిబ్రేషన్.

ఒక పాత ఎలక్ట్రోడ్‌ను తీసుకుందాం. 7.00 బఫర్‌లో -8, 4.01లో +165 చూపింది. 2.99 యూనిట్లకు 173 మిల్లీవోల్టులు, అంటే యూనిట్‌కు 57.9, స్లోప్ దాదాపు 98 శాతం. భేషుగ్గా ఉందనిపిస్తుంది. చెరువు నీటిలో ముంచితే -118 వచ్చింది. ఈ లెక్కన పీహెచ్ 8.90.

కానీ 8.90 ఆ రెండు బఫర్ల మధ్య లేదు! మూడో బఫర్ 10.01లో ముంచితే -166 మాత్రమే వచ్చింది. 7 నుంచి 10 వైపు స్లోప్ యూనిట్‌కు 52.5, అంటే 89 శాతమే. దాని ప్రకారం అదే నీటి పీహెచ్ 9.10. కొలవబోయే విలువకు అటూ ఇటూ బఫర్ ఉండాలనేది ఇందుకే. చెరువుకు 7, 10 చాలు. ఒకే మీటర్‌తో ఆమ్ల నమూనాలూ చూస్తే మూడూ కావాలి.

అయితే వెంటనే ఎలక్ట్రోడ్‌ను తిట్టకూడదు. మూత తీసి ఉంచిన 10 బఫర్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని తానే దిగజారుతుంది. వాడిన బఫర్‌ను తిరిగి సీసాలో పోసే అలవాటైతే మరీ ఘోరం. కొత్త సీసా విప్పి చూడాలి. అప్పుడూ -166 దగ్గరే ఉంటే లోపం ఎలక్ట్రోడ్‌దే.

దాన్ని 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో పావుగంట నానబెట్టి, కడిగి, గంటసేపు 3 మోలార్ పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో ఉంచి మళ్లీ కొలవాలి. స్లోప్ 95 శాతానికి చేరితే ఇంకొన్నాళ్లు వాడుకోవచ్చు. 90 కూడా దాటకపోతే మార్చడమే. 7 బఫర్‌లో రీడింగ్ సున్నాకు 30 మిల్లీవోల్టులకు మించి దూరంగా ఉన్నా, అరనిమిషంలో నిలవాల్సిన అంకె నిమిషాల తరబడి జారుతున్నా అనుమానించాలి. డిస్టిల్డ్ వాటర్‌లో నిల్వ చేసినవాటికి ఈ జబ్బులు తొందరగా వస్తాయి.

బల్బు పగిలితే మాత్రం మీటర్ చాలా ప్రశాంతంగా ఉంటుంది. 4లో ముంచినా, 10లో ముంచినా, ఆఖరికి వెనిగర్‌లో ముంచినా 7 దగ్గరే కూర్చుంటుంది.