కర్టెన్ లాగడానికి ఏ మోటారు?

కిటికీ కర్టెన్ దానంతటదే తెరుచుకునేలా ఇంట్లోనే ఏర్పాటు చేసుకోవాలనుకునేవారికి మొదట ఎదురయ్యే ప్రశ్న మోటారు గురించే: స్టెప్పరా, సర్వోనా? దుకాణంలో రెండూ దొరుకుతాయి. కొనేముందు కర్టెన్‌కు ఎంత బలం కావాలో, ఎంత దూరం కదలాలో తెలుసుకుంటే జవాబు చాలావరకు దొరికినట్టే.

అయిదడుగుల వెడల్పున్న పడకగది కిటికీనే తీసుకుందాం. మధ్యలో కలిసే రెండు కర్టెన్లు, పైన పట్టాలో జారే కొక్కాలు. పట్టా పొడవునా ఒక పళ్ల బెల్టును చుట్టి, ఒక కర్టెన్‌ను ముందు వరసకు, రెండోదాన్ని వెనక వరసకు తగిలిస్తే ఒకే మోటారు రెండింటినీ ఎదురెదురు దిక్కులకు లాగుతుంది. బట్ట మడతలుపడి ఒక పక్కన కొంత చోటు ఆక్రమిస్తుంది కాబట్టి ఒక్కో కర్టెన్ కదలాల్సింది సుమారు 60 సెంటీమీటర్లు. ఇక బలం. సూట్‌కేసులు తూచే కొక్కెం త్రాసును కర్టెన్ అంచుకు తగిలించి మెల్లగా లాగండి. ఒక్కోదానికి ముప్పావు కిలో చూపించిందనుకుందాం. అంటే బెల్టు మీద మొత్తం కిలోన్నర లాగుడు పడుతుంది.

ఇప్పుడు చిన్న సర్వోను పెట్టి చూద్దాం. బొమ్మ విమానాల్లో, రోబోల్లో వాడే సర్వో సాధారణంగా 180 డిగ్రీలే తిరుగుతుంది. ఆ అర చుట్టులో 60 సెంటీమీటర్ల బెల్టు కదలాలంటే 38 సెంటీమీటర్ల వ్యాసమున్న చక్రం కావాలి. అంత పెద్ద చక్రం మీద కిలోన్నర లాగుడంటే 28 కిలో-సెంటీమీటర్లు దాటిన టార్క్. చిన్న సర్వోలు సాధారణంగా దాని దరిదాపులకు కూడా రావు. ఆగకుండా తిరిగే సర్వోలూ అమ్ముతారు కానీ, వాటిలో తానెక్కడుందో తెలుసుకునే గుణాన్ని తీసేస్తారు. సర్వోను సర్వో చేసేదే ఆ గుణం. ఫ్యాక్టరీ యంత్రాల్లో ఎన్‌కోడర్‌తో వచ్చే అసలు సర్వోలు ఈ పని తేలిగ్గా చేస్తాయి. కానీ వాటికి ప్రత్యేక డ్రైవ్ కావాలి, ఖర్చు ఎన్నో రెట్లు. కర్టెన్‌కు అంత అవసరం లేదు. చిన్న సర్వోకు సరైన చోటు వెనీషియన్ బ్లైండ్. దాని పలకలను వాల్చడానికి అర చుట్టు చాలు.

నెమా 17 స్టెప్పర్ సంగతి వేరు. ఒక చుట్టుకు 200 అడుగులు, ఎన్ని చుట్లయినా తిరుగుతుంది. రెండు మిల్లీమీటర్ల పళ్ల బెల్టుకు 20 పళ్ల పుల్లీ వేస్తే చుట్టుకు 40 మిల్లీమీటర్ల చొప్పున 15 చుట్లలో పని అయిపోతుంది. పుల్లీ వ్యాసార్ధం 0.64 సెంటీమీటర్లే కాబట్టి కావలసిన టార్క్ కిలో-సెంటీమీటరుకు లోపే. ఈ సైజులో మామూలుగా దొరికే మోటారు నిలిచి ఉన్నప్పుడు సుమారు నాలుగు పట్టుకోగలదు. తిరిగేటప్పుడు అది తగ్గినా, పది సెకన్లలో తెరిచే నెమ్మది వేగానికి ఇబ్బంది ఉండదు.

స్టెప్పర్‌కున్న అసలు లోపం గుడ్డితనం. కొక్కెం ఇరుక్కుంటే మోటారు గుర్రుమంటూ ఉన్నచోటే ఉంటుంది, కంట్రోలర్ మాత్రం కర్టెన్ తెరుచుకుందనే లెక్క వేసుకుంటుంది. రోజూ కర్టెన్ ఆగే చోటు కొంచెం కొంచెంగా పక్కకు జరుగుతోందంటే అడుగులు తప్పుతున్నట్టే. అందుకే డ్రైవర్ ఎంపిక మోటారు ఎంపికంత ముఖ్యం.

చవకగా దొరికే A4988 మోటారును తిప్పుతుంది కానీ కూతపెడుతుంది. పట్టాను గోడకు బిగించాక ఆ శబ్దం ఇంకా పెరుగుతుంది. పడకగదికి TMC2209 మేలు. దాని నిశ్శబ్ద పద్ధతిలో మోటారు చప్పుడు దాదాపు పోయి, కొక్కాల చప్పుడే మిగులుతుంది. అడుగును ఎనిమిది భాగాలుగా చేయమన్నా లోపల తానే 256 భాగాలుగా మలుచుకుంటుంది. అందుకని మామూలు ఆర్డునో కూడా సరిపోతుంది: మొత్తం 24,000 పల్స్‌లు, సెకనుకు 2,400.

మోటారు ఆగిపోయిందని పసిగట్టడం దీని మరో గుణం. పట్టా చివర తగలగానే అదే సున్నా అని గుర్తుపెట్టుకునేలా చేయొచ్చు. ఆ హద్దును `SGTHRS` అనే విలువతో సరిచేయాలి. విలువ ఎక్కువైతే దారి మధ్యలోనే ఆగుతుంది, తక్కువైతే చివర గుద్దుకుంటూనే ఉంటుంది. మరీ నెమ్మదిగా తిరిగితే ఈ గుణం పనిచేయదు. వేగమో, కరెంటు విలువో మారిస్తే మళ్లీ సరిచేసుకోవాలి. ఇంత సర్దుబాటు వద్దనుకుంటే చివర ఒక లిమిట్ స్విచ్ పెట్టండి, ఏళ్ల తరబడి నమ్మకంగా పనిచేస్తుంది.

కర్టెన్ చేరాక డ్రైవర్ `EN` పిన్ ద్వారా మోటారుకు కరెంటు ఆపేయండి. మోటారు వేడెక్కదు, చేత్తోనూ లాగొచ్చు. అయితే మెల్లగా లాగాలని ఇంట్లోవాళ్లకు చెప్పండి. స్టెప్పర్‌ను వేగంగా తిప్పితే అదే జనరేటరై డ్రైవర్‌లోకి వోల్టేజీ పంపుతుంది. చేత్తో కదిపాకా, కరెంటు పోయి వచ్చాకా పాత లెక్క చెల్లదు కాబట్టి మళ్లీ సున్నా చూసుకునేలా ప్రోగ్రాం రాయాలి. డ్రైవర్ పవర్ పిన్‌ల పక్కనే 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్ తప్పనిసరి. పవర్ ఉండగా మోటారు తీగ మాత్రం ఎప్పుడూ పీకకండి, డ్రైవర్లు ఎక్కువగా కాలిపోయేది అలాగే.